మామ్మ ముక్కు మీద పుండు

మా మామ్మకి ముక్కుపుడక పక్కన శనగబద్దంత పుండు లేచింది. పెచ్చు కట్టేది, ముఖం తుడుచుకుంటే ఊడి నెత్తురొచ్చేది, మళ్ళీ పెచ్చు. ఏడాదిగా ఇదే వరస. "పుడక రాపిడేలే, ఏటవుద్ది" అని పసుపు రాసేది. పుడక తీసేసినా మానలేదు. నొప్పి లేకపోవడం ఆవిడకి ధైర్యం, నాకు భయం.

రాపిడి పుండైతే రెండు మూడు వారాల్లో మానాలి. వెలుతుర్లో చూస్తే దీని అంచు ముత్యంలా మెరుస్తోంది, మధ్యలో గుంట. రాయగడలో రైలెక్కించి కొరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా నన్ను తిట్టింది.

అక్కడ సూదితో మొద్దుబార్చి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. బేసల్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ అని తేలింది. మామ్మ వెదురు యార్డులో ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసింది మరి. ఇది ఒంట్లో వేరేచోటికి పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ముక్కునే మెల్లగా తినేస్తుంది. అందుకే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా కోసి, చెంప చర్మం జరిపి కుట్టారు. తీసిన ముక్క అంచుల్లో జబ్బు లేదని రిపోర్టొచ్చింది. అయినా మళ్ళీ రావచ్చట, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు.

"పుడక ఇక రెండోపక్క ఎట్టుకుంటానే" అంటోంది మామ్మ.