పన్నెండు తగ్గింది

మేడారం జాతరలో బంగారం అంటే బెల్లం. మొక్కుకున్నోళ్లు తమ బరువంత బెల్లం తూచి తల్లులకు ఇస్తరు. దాన్నే ఎత్తు బంగారం అంటం. కొత్త మనిషి "అరవై కిలోల బంగారం ఇచ్చిన" అనే మాట వింటే బిత్తరపోతడు. కానీ వరంగల్లులో ఎవరిని అడిగినా దాని అర్థం చెప్తరు. నలుగురు దోస్తుల మధ్యనే పుట్టిన మాట అట్ల దొరకదు.

మా నలుగురం హన్మకొండలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు 2002 జాతరకు పోయినం. మాలో ఒకనికి ఎత్తు బంగారం మొక్కు ఉండె. కాంటా ఎక్కితే 62 కిలోలు తూగిండు. చేతిల ఉన్న పైసలకు 50 కిలోల బెల్లమే వచ్చింది. తక్కువైన 12 కిలోలకు తిరుగు చార్జీల పైసలు ఇచ్చేసి, తాడ్వాయి దాకా అడవి దారిల నడిచి వచ్చినం. అప్పటి సంది మాలో ఎవరికి ఏది తక్కువ పడ్డా "పన్నెండు తగ్గింది" అంటం. మిగతాది అందరం కలిసి చూసుకుంటం అని దాని అర్థం.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపుల ఒక కొత్త తమ్ముడు చేరిండు. ఆయన కూడా టీచరే. చెల్లె ఫీజుకు పైసలు తక్కువ పడ్డయని ఒకనాడు రాసిండు. వెంటనే ఒక మీమ్ పడ్డది: తల పట్టుకున్న బ్రహ్మానందం, పక్కన బెల్లం ముద్ద, కింద "పన్నెండు తగ్గింది". అందరం నవ్వు బొమ్మలు పెట్టినం. తమ్ముడు చిన్నబోయిండు. బ్రహ్మానందం ముఖం అందరికీ తెలిసిందే, బెల్లం సంగతి ఆయనకూ తెలుసు. ఆ రెండూ కలుపుకొని "నీ మొక్కు చిన్నది, నువ్వు పేదోనివి" అన్నట్టు చదువుకున్నడు. సగం తెలిసిన అర్థం అట్లనే అతికినట్టు కనిపిస్తది.

తర్వాత ఆయనే గ్రూపుల "పన్నెండు" అని కొట్టి పాత మెసేజులు వెతికిండు. ఒకసారి ఇల్లు కప్పే రేకులు తక్కువైనప్పుడు ఆ మాట వచ్చింది, ఇంకోసారి దవాఖానల రక్తం అవసరమైనప్పుడు వచ్చింది. ఏ లెక్కలోనూ పన్నెండు అంకె లేదు. ప్రతిసారీ దాని కిందనే "పంపిన", "బయల్దేరిన" అని ఉన్నది. అది ఎవరో ఒకని మీదనే పడలేదు, అందరూ తమ మీద తామే వేసుకున్నరు. దాంతోని అర్థం తెలిసింది. ఎక్కడ పుట్టిందో మాత్రం మెసేజులల్ల లేదు. అది మాలో ఒకన్ని అడిగితేనే తెలిసింది. చెల్లె ఫీజు ఆ సాయంత్రానికే జమైంది.

బడిల పిల్లలు ఒక మాట అని నవ్వుతుంటే ఇదే తీరున చూడొచ్చు. ఆ మాట అందరి మీదా తిరుగుతున్నదా, దాని తర్వాత ఏం జరుగుతున్నది, అది ఎవరి మీద పడ్డదో ఆ పిల్లగాడు తానుగా ఆ మాట వాడుతున్నడా? ఎప్పుడూ ఒక్కని మీదనే పడి, వాడు నోరు విప్పకుంటే, అది దోస్తుల ముచ్చట కాదు, ఎగతాళి.