వెనుక తేదీ

ఈ సంస్థలో చేరకపూర్వం మేము గుర్‌గావ్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో చిన్న లెక్కల గుమాస్తాగా ఉండేవాళ్లము. మయూర్ విహార్‌లో ఒక గది, తెల్లవారుజామున బస్సు, రోజంతా వోచర్లు. 2016 ఆగస్టులో అక్కడ ఎదురైన ఒక కాగితం మమ్మల్ని కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఆ ఏడు మార్చి 28న మా కంపెనీ వేరొక కంపెనీకి 40 లక్షల రూపాయలు అప్పుగా ఇచ్చింది. ఆడిట్ జరుగుతుండగా ఆడిటరుగారు ఆ అప్పును మంజూరు చేసిన బోర్డు తీర్మానం చూపమన్నారు. 2013 నాటి కంపెనీల చట్టం 186వ సెక్షను ప్రకారం అటువంటి అప్పు ఇవ్వడానికి ముందే బోర్డు సమావేశంలో హాజరైన డైరెక్టర్లందరూ సమ్మతించి తీర్మానం చేయాలి. మూడవనాడు మా బల్లమీదికి మార్చి 28 నాటి సమావేశపు మినిట్స్ వచ్చింది. దానిని వోచరుకు జతచేసి, వివరణలో తీర్మానం తేదీ వ్రాయమని ఆదేశం.

కాగితం పైభాగాన ‘గురుగ్రామ్’ అని ఉంది. ఊరి పేరు మారుస్తున్నట్లు హర్యానా ప్రభుత్వం ప్రకటించినది ఏప్రిల్‌లో. మార్చి సమావేశపు కాగితంలోకి ఆ పేరు ఎలా వచ్చిందని మాకు అనుమానం కలిగింది. అయినా తొందరపడరాదనుకున్నాము. మినిట్స్‌ను సమావేశం నాడే వ్రాయనక్కరలేదు. 30 రోజులలోగా మినిట్స్ పుస్తకంలో చేర్చవచ్చును. ఏప్రిల్ చివర టైపు చేసిన కాగితంలో కొత్త పేరు ఉండడం నేరం కాదు. జరిగిన సమావేశాన్ని తరువాత వ్రాయడం వేరు, జరగని సమావేశాన్ని జరిగినట్లు వ్రాయడం వేరు. ఇది ఏ కోవకు చెందినదో తేలవలసి ఉంది.

అది మా లెడ్జరే తేల్చింది. సమావేశం జరిగితే దాని అడుగుజాడ లెక్కలలో పడక తప్పదు. ప్రతి సమావేశానికీ మా కంపెనీ బయటి డైరెక్టర్లకు సిట్టింగ్ ఫీజు ఇచ్చి, అందులో నూటికి 10 చొప్పున ఆదాయపు పన్ను మినహాయించేది. ఫిబ్రవరి సమావేశానికి ఆ పద్దు ఉన్నది, మే సమావేశానికి ఉన్నది. మార్చి 28కి లేదు. అంతేకాదు, ఆనాడు గుర్‌గావ్‌లో స్వయంగా హాజరైనట్లు వ్రాసిన ఒక డైరెక్టరుగారు మార్చి 27 నుండి 29 వరకు విశాఖపట్నంలో బస చేసిన హోటలు బిల్లును మేమే పుస్తకాలకెక్కించి ఉన్నాము.

మా పెద్దగుమాస్తాగారు తెలుగువారే. విషయం చెప్పగా, “సంతకాలు వాళ్లవి నాయనా, వోచరొక్కటే నీది. నీకెందుకు?” అన్నారు, మా మేలు కోరే.

ఆ మాటలోనే మాకు దారి కనిపించింది. నిజమే, వోచరు మాది. దానిమీద ఆ తేదీ వ్రాస్తే ఆ అబద్ధం మా చేతివ్రాతతో నిలుస్తుంది. మినిట్స్‌ను తారుమారు చేసినవారికి 118వ సెక్షను కింద 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. కాని ఆ రాత్రి మమ్మల్ని భయపెట్టినది జైలు కాదు. ఉద్యోగం పోతే నెలనెలా ఊరికి పంపవలసిన సొమ్ము ఎక్కడినుండి వస్తుందన్న ఆలోచన.

మరునాడు అకౌంట్స్ మేనేజరుగారికి అరపేజీ నోటు వ్రాశాము. ఎవరినీ నిందించలేదు. మార్చి 28కి సిట్టింగ్ ఫీజు పద్దు లేదనీ, హాజరైనవారిలో ఒకరి హోటలు బిల్లు అదే తేదీని కలుపుకొని ఉన్నదనీ, ఈ రెండింటికీ సమాధానం వచ్చినపిమ్మట తీర్మానం తేదీ వ్రాస్తామనీ తెలిపాము. వోచరు నంబర్లు ఉదహరించాము. ఏ కాగితాన్నీ ఇంటికి తీసుకుపోలేదు. ఆడిటరుగారు ఆ గడి ఎందుకు ఖాళీగా ఉన్నదని అడిగినప్పుడు, నోటు ఇచ్చిన సంగతి దాచకుండా చెప్పాము.

రెండు రోజులలో ఆ మినిట్స్ మా బల్లమీదినుండి మాయమైంది. సెప్టెంబరులో బోర్డు నిజంగానే సమావేశమై, అప్పు మార్చిలో ముందస్తు తీర్మానం లేకుండా ఇవ్వబడినదని అసలు తేదీలతోనే వ్రాసుకున్నది. దానితో మార్చిలో జరిగిన లోపం మాసిపోలేదు. ఆడిటరుగారు తమ నివేదికలో దానిని పేర్కొన్నారు. మమ్మల్ని తపాలా విభాగానికి మార్చారు. నాలుగు నెలలకు అక్కడినుండి బయటపడ్డాము.

ప్రభుత్వరంగ సంస్థలో ఇటువంటిది ఎదురైతే చీఫ్ విజిలెన్స్ అధికారి ఉన్నారు. ఆపైన ఢిల్లీ సతర్కతా భవన్‌లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఉన్నది. రహదారి పనులలో అక్రమాలను తెలియజేసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో హత్యకు గురైన పిమ్మట, 2004లో ఫిర్యాదుదారుల పేరు గోప్యంగా ఉంచే ఏర్పాటు వచ్చింది. పేరు, చిరునామా సీలు వేసిన కవరు లోపల ఉండాలి, పైన ఉండరాదు. పేరులేని లేఖను ఆ ఏర్పాటు కింద స్వీకరించరు. ప్రైవేటు కంపెనీ గుమాస్తాకు ఆ తలుపు లేదు. ఆనాడు మాకున్నది ఖాళీగా వదలిన ఒక గడి మాత్రమే.

నేటికీ ఏ తీర్మానం ప్రతి చేతికి వచ్చినా, సంతకాలకంటె ముందు సిట్టింగ్ ఫీజు పద్దునే తిరగవేస్తాము.