కేకులో ఎన్ని అక్షరాలు?

నిన్న మా చిన్నాడు ఇంగ్లీషు హోంవర్కు తెచ్చాడు. మాటల్ని సిలబుల్స్ లెక్కన మూడు గుంపులు చెయ్యాలట. "నీకు ఇంగ్లీషు రాదుగా, నాన్న వచ్చాక చేస్తాలే" అన్నాడు. చురుక్కుమంది. బియ్యేలో ఛందస్సు చదివిన నాకు అక్షరాలు లెక్కపెట్టడం రాదా అనుకుని పక్కన కూర్చున్నాను.

వాడు కేక్‌ని రెండో గుంపులో వేశాడు. తప్పు మాదే. ఇంట్లో 'కేకు' అంటాం, చివర ఉకారం చేరుస్తాం. ఇంగ్లీషులో ఆ మాట చివరున్న ఇ రాతకే గానీ పలకదు. మిగిలిన క్ పొల్లు. పద్యంలో పొల్లు ముందక్షరంతో కలిసిపోతుంది కదా, ఇక్కడా అంతే. వినిపించే అచ్చు ఒకటే, కాబట్టి ఒకటే సిలబుల్.

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పలకమన్నాను. అచ్చు పలికినప్పుడల్లా గడ్డం చేతికి తగులుతుంది. రెయిన్‌లో ఏ, ఐ రెండూ కలిసి ఒకే అచ్చుగా పలుకుతాయి, కాబట్టి ఒకటి. లయన్‌లో ఐ, ఓ విడివిడిగా పలుకుతాయి, కాబట్టి రెండు. వెడ్నెస్‌డే అని చదివి మూడన్నాడు. నిజానికి అది వెన్స్‌డే. మొదటి డి, ఎన్ తర్వాతి ఇ రెండూ పలకవు, కాబట్టి రెండే.

చాక్లెట్ దగ్గర ఇద్దరం ఆగాం. నిఘంటువు తీస్తే, నడుమ ఓ మింగేసి రెండుగానూ, విడదీసి మూడుగానూ పలకొచ్చని ఉంది. వాళ్ల మేడం పలికినట్టే పలికించి రెండులో వేయించాను.

రాత్రి నాన్న గుమ్మంలో ఉండగానే చెప్పేశాడు: "హోంవర్కు అయిపోయింది, అమ్మ చేయించింది!"