ఏడు సెకన్ల మౌనం

ఇంటర్వ్యూ వీడియో ఎడిట్ చేసేవాళ్లకి మౌనంతోనే అసలు పేచీ. మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే అతను ఆగి ఆలోచించుకోవడం మనకి అడ్డు అనిపించదు. అదే స్క్రీన్ మీద రెండు సెకన్లు ఆగితే చాలు, చూసేవాడి వేలు పక్క వీడియో మీదికి పోతుంది. అందుకే ఖాళీలన్నీ కోసెయ్యాలనిపిస్తుంది. ఏది కోయాలి, ఏది ఉంచాలి అన్నది మా మేనమామ వీడియో దగ్గర నాకు బాగా తెలిసొచ్చింది.

మామయ్య పోచంపల్లిలో నలభై ఏళ్లు మగ్గం నేశాడు. మగ్గం అమ్మేసేలోపు ఆయన మాటలు దాచాలని నా ఫోన్‌తో నలభై రెండు నిమిషాలు తీశాను. ఆఫీసులో రోజంతా కోడ్ రాసి, రాత్రిళ్లు దీని మీద కూర్చుని తొమ్మిది నిమిషాలకి తెచ్చాను.

మొదట బొమ్మ చూడకుండా మాటలే విన్నాను. మామయ్యకి ప్రతి వాక్యానికీ ముందు ‘ఇగ’, ‘అంటే’, ‘గదేంది’ అలవాటు. వాటిలో చాలావరకు తీసెయ్యొచ్చు. అయితే మాటకి ముందు పీల్చే ఊపిరిని సగంలో కోస్తే ఎక్కిళ్లలా వినబడుతుంది. ఊపిరి మొత్తం ఉంచాలి, లేదా మొత్తం తీసెయ్యాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎనిమిది, పది ఫ్రేములు వదిలాను. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో అది సెకనులో మూడో వంతు, కాస్త అటూ ఇటూ. అది కూడా లేకపోతే మనిషి పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ఖాళీ పెంచాల్సిన చోట పూర్తి నిశ్శబ్దం పెడితే ఫోన్ కట్ అయినట్టు చెవికి తెలిసిపోతుంది. అందుకే షూటింగ్ రోజే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఆ గది చప్పుడు రికార్డు చేసుకున్నాను. ఫ్యాను హోరు, దూరంగా పక్కింటి మగ్గం. ఆ ముక్కలే ఖాళీల్లో అతికించాను.

మాట కోస్తే బొమ్మలో తల ఎగిరిపడుతుంది. ఆ అతుకు మీద మగ్గం షాట్లు కప్పాను. నాకున్నది ఒకటే కెమెరా. కానీ నేత అంటే ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం కదా! ముందు దూరం నుంచి, తర్వాత చేతుల దగ్గరి నుంచి తీసుకుంటే రెండూ కలుస్తాయి. తాడు లాగితే నాడె అటు పోతుంది, వెంటనే పేకని దగ్గరికి కొట్టే చెక్క ఒంటి వైపు వస్తుంది. దూరం షాట్‌లో చెయ్యి కదలడం మొదలయ్యాక, చెక్క తగలక ముందే, దారి మధ్యలో కోయాలి. దగ్గరి షాట్ అదే చోట మొదలవ్వాలి. కన్ను చేతి వెంట పోతుంది కాబట్టి అతుకు కనబడదు. చెక్క ఆగాక కోస్తే మాత్రం కన్ను కూడా ఆగి ఉంటుంది, అతుకు పట్టేస్తుంది. చప్పుడు మాత్రం ఒక షాట్‌దే మొత్తం నడపాలి. రెండిటివీ కలిపితే ‘టక్ టక్’ లయ తప్పుతుంది. మగ్గం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఏ షాట్ ఎంతసేపు ఉంచాలన్నది అందులో చూడ్డానికి ఎంత ఉందన్నదాన్ని బట్టి. రంగులద్దిన పడుగు మొత్తం కనిపించే షాట్‌కి ఐదు సెకన్లు ఇచ్చాను, డిజైన్ కన్నుకి అందాలి కదా. వేళ్లకి రెండు సెకన్లు చాలు. యాభైసార్లు చూసిన నాకు అన్నీ పొడుగ్గానే అనిపించేవి. అందుకే ఎప్పుడూ చూడని రూమ్మేట్‌ని కూర్చోబెట్టి, వీడియో వదిలేసి అతని ముఖం చూశాను. ఫోన్ వైపు చూపు పోయిన చోటల్లా గుర్తు పెట్టుకున్నాను.

చివరికి పేచీ ఒక్కచోట వచ్చింది. “బావకి ఎందుకు నేర్పలేదు మామయ్యా?” అని అడిగాను. ఆయన ఏడు సెకన్లు ఏం మాట్లాడలేదు. తర్వాత, “వానికి గీ కష్టం ఎందుకు అల్లుడా. మంచిదే చేసిన... అనుకుంటున్న” అన్నాడు.

బావ చూసి, “ఆ గ్యాప్ తీసెయ్‌రా. ‘మంచిదే చేసిన’ దగ్గర ఆపెయ్, బాగుంటది” అన్నాడు. టైమ్‌లైన్ మీద అది సులువే. కానీ తెలుగులో వాక్యం బరువంతా చివర ఉంటుంది. ‘కాదు’, ‘లేదు’, ‘అంట’ అన్నీ అక్కడే వస్తాయి. తోక కోస్తే మామయ్య సందేహం కాస్తా తీర్పు అయిపోతుంది. ‘అనుకుంటున్న’ అన్నది ‘ఇగ’ లాంటిది కాదు, అది ఆయన జవాబు.

ఏడు సెకన్లూ ఉంచాను. మగ్గం షాట్ కూడా కప్పలేదు, కప్పితే జనం మగ్గాన్ని చూస్తారు, ఆయన్ని చూడరు. దానికి ముందు నిమిషంలోని ‘అంటే’లన్నీ మాత్రం ఇంకోసారి వెతికి తీశాను. అక్కడ మాట గబగబా సాగితేనే ఇక్కడ ఆగినట్టు తెలుస్తుంది.

బావ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు మెసేజ్ పెట్టాడు: “అట్లనే ఉంచు. నాన్నకి నేనే చూపిస్తా.”