“రైతు” అను మాట ఎనిమిదిమారులు

ఒకే మాటతో మొదలగు వాక్యముల వరుసను మేము ఏటేట విద్యార్థుల వ్యాసములలో చూచుచుందుము. దానిని శైలీదోషమని మాత్రమే తలచుట చాలదని, గుంటూరు ప్రాంతపు మిరపచేనినిగూర్చి ఒక బాలుడు వ్రాసిన ఈ పేరా మాకు తెలిపినది:

“రైతు వేసవిలో చేను దున్నెను. రైతు వానలకు నారు పోసెను. రైతు చేనిలో నారు నాటెను. రైతు వరుసలలో కలుపు తీసెను. రైతు పండిన కాయలు కోసెను. రైతు కాయలను కళ్లములో ఎండబోసెను. రైతు తాలుకాయలను వేరుగా తీసెను. రైతు సరకును గుంటూరునకు తెచ్చెను.”

ఇందు వ్యాకరణదోషము లేదు. కాని బిగ్గరగా చదివినచో నాలుగేసి మాటలకొకమారు గొంతు ఒకేచోట దిగును. ఎనిమిది వాక్యములును “రైతు”తో మొదలై, “ఎను”తో ముగియుచున్నవి. తెలుగులో క్రియ సాధారణముగా వాక్యాంతమున నుండుటచేత మొదలు మార్చినంతనే విసుగు తీరదు, తుదినికూడ చూడవలెను.

ఇంగ్లీషు వాక్యమునకు కర్త ముందుండక తప్పదు. ఆ పాఠములు చదివిన పిల్లలు తెలుగులోను ప్రతివాక్యమునకు కర్తను తగిలింతురు. మన భాషకు ఆ నిర్బంధము లేదు. సంస్కృతమునందువలె, కర్త యెవరో ఒకమారు తెలిసిన పిమ్మట క్రియయే ఆ భారమును మోయును.

ఈ దోషమునకు పండితులు చెప్పు మందు పర్యాయపదములు: రైతు, కర్షకుడు, కృషీవలుడు, హాలికుడు. దానివలన ఒక చేనిలో నలుగురు మనుష్యులు దిగినట్లగును. “పిదప”, “తరువాత” అని ప్రతివాక్యమునకు ముందు చేర్చుటయు ఇట్టిదే; ఒక విసుగు పోయి మరియొకటి వచ్చును.

మేము చేయించిన పని వేరు. మొదట ప్రతివాక్యపు తొలిమాట క్రింద గీత గీయించి, మాటల లెక్కను అంచున వేయించితిమి. పిమ్మట ఒక్కొక్క వాక్యమునకు “ఈ పని చేసినది ఎవరు?” అని అడిగితిమి. దున్నినది రైతే, నారు నాటించినదియు అతడే. “కాయలు కోసినది?” అనగా బాలుడు కొంచెము తడవు ఊరకుండి, “మా అమ్మయు, మా వీధి ఆడువారును కూలికి పోయి కోయుదురండీ” అనెను. ఆ పేరాలో అతని తల్లి లేదు. అలవాటుగా పడిన “రైతు” అను మాట ఆమె చోటును ఆక్రమించినది.

పిమ్మట వాక్యములను కలుపుట. ఒకే కర్త వరుసగా చేసిన పనులను, చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) క్త్వార్థకమని చెప్పిన “పోసి, పెంచి” వంటి రూపములతో కూర్పవచ్చును. కర్త మారినచో ఇది చెల్లదు. “రైతు నీరు పెట్టి మొక్కలు పెరిగెను” అనరాదు. “రైతు నీరు పెట్టగా మొక్కలు పెరిగెను” అనవలెను. మూడు నాలుగు క్త్వార్థకములకు మించినచో వాక్యము గొలుసై, చదువరికి ఊపిరాడదు.

సవరించిన పేరా ఇట్లు వచ్చెను:

“వేసవిలోనే రైతు చేను దున్నియుంచెను. వానలు పడగానే నారు పోసి, ఆరు వారములు పెంచి, చేనిలో నాటించెను. కలుపు తీసినదియు, పండిన కాయలు కోసినదియు కూలికి వచ్చిన స్త్రీలు. కాయలను కళ్లములో పలుచగా ఎండబోసి, తాలును ఏరివేసినదియు వారే. వారి చేతులు మండెను. మిగిలిన కాయలను గోతములకెత్తించి రైతు గుంటూరు మిరపయార్డునకు తెచ్చెను.”

వాక్యములు ఎనిమిది ఆరైనవి. “రైతు” రెండుమారులే నిలిచెను. ఒకటి కాలముతో, ఒకటి పనితో, ఒకటి సరకుతో మొదలైనది. రెండు వాక్యములు క్రియతో ముగియక స్త్రీలవద్ద ఆగినవి. “వారి చేతులు మండెను” అను మూడుమాటల వాక్యమును పొడిగింపవలదని మేమే చెప్పితిమి. పొడుగు వాక్యముల నడుమ అది పొట్టిగా నుండుటచేతనే చదువరి అక్కడ ఆగును. అన్నియు పొట్టివైనచో ఆ మంట తెలిసెడిది కాదు.

అట్లని పునరుక్తి యెల్ల దోషము కాదు. “ఆమె కోసినది, ఆమె ఎండబోసినది, ఆమె ఏరినది, కూలి ఎంతయో చెప్పునది మాత్రము ఆమె కాదు” అని యెవరైన వ్రాసినచో అందు ఒక్క “ఆమె”నైనను మేము కొట్టివేయము. అక్కడ ఆ మాట తుదివాక్యమునకు బలము కూర్చుచున్నది. తీసి చూచినపుడు అర్థము తరుగనిచో అది అలవాటు. తరిగినచో అది ఉద్దేశము. బాలుని పేరాలో ఆరు “రైతు”లను తీసినను ఏమియు తరుగలేదు. తరుగకపోవుటయేకాదు, వాటి వెనుకనుండి ఒక తల్లి కనబడినది.