డు, దు

రెండో తరగతి రిపోర్ట్ కార్డులు 38. పదకొండింటిలో నేను రాసింది ఒకటే: "ఇంకా బాగా రాయగలడు." కాపీ, పేస్ట్. ఆ పదకొండు మందిలో నలుగురు అమ్మాయిలు.

ఇంగ్లిష్ టీచర్‌కి నయం, హీ, షీ అని వెతికితే దొరుకుతాయి. నా వాక్యంలో సర్వనామమే లేదు. లింగం క్రియ చివర నక్కి ఉంది. రాయగలడు, రాయగలదు: తేడా ఒక్క అక్షరం, కన్ను దాటేస్తుంది. అందరికీ "రాయగలరు" అని పెట్టేద్దామా అనుకున్నా. ఏడేళ్ల పిల్లకి అది నోటీసు బోర్డు భాష.

చివరికి అమ్మాయిల కార్డులు విడిగా తీసి, పేరుతో కలిపి పైకి చదివా. చెవి వెంటనే పట్టేసింది. కానీ దిద్దాక కూడా ఆ వాక్యం ఎవరి గురించీ కాదు. ఒక పాప నోట్‌బుక్ తెరిచి మళ్లీ రాశా: "ఒత్తులు మర్చిపోతోంది. కథ చెప్పమంటే మాత్రం ఆపదు."