మెయిల్‌ని పైకి చదివితే

నెల్లూరు సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీలకి సామాన్లు అమ్మే ఒక కంపెనీకి నేను అప్పుడప్పుడూ తెలుగులో రాసిపెడుతుంటాను. పోయిన చలికాలం ఒక వెబినార్ స్క్రిప్టు అడిగారు. దొంగ మెయిల్స్‌ని ఎట్లా పట్టుకోవాలో కస్టమర్లకి ముప్పావు గంటలో చెప్పాలి. ఉదాహరణలు చదివి వినిపించాలి. చివర్లో గుర్తుంచుకోవడానికి ఒకటే రూలు ఇవ్వాలి, రెండోది వద్దు అన్నారు.

నమూనాగా పంపిన ఇంగ్లీషు స్లయిడ్లలో అందరం ఎప్పుడో ఒకప్పుడు చూసినవే ఉన్నాయి. స్పెల్లింగు తప్పులుంటే అనుమానించు, తాళం బొమ్మ ఉందో లేదో చూడు. ఇప్పుడు దొంగ మెయిల్స్‌లో ఇంగ్లీషు మా ఆఫీసు ఇంగ్లీషు కన్నా శుభ్రంగా ఉంటోంది. తాళం బొమ్మకి అర్థం మన ఫోనుకీ ఆ సైటుకీ మధ్య మాటలు ఎవరూ వినలేరని మాత్రమే. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. దొంగ కూడా పైసా ఖర్చు లేకుండా ఆ తాళం తెచ్చుకోగలడు.

పైగా మా శ్రోతలు స్క్రీన్ చూడరు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు హేచరీల్లో లెక్కలు రాసేవాళ్ళు, మేత షాపుల వాళ్ళు ఫోన్ జేబులో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పని చేసుకుంటూ వింటారు. పక్కన ఏరేటర్ల మోత. కాబట్టి కంటితో కాక చెవితో పట్టుకోగలిగే పాఠం కావాలి. మొదట అదొక ఇబ్బందిగానే అనిపించింది గానీ, రాస్తూ పోతే పాఠమంతా అందులోనే దొరికింది.

మొదటి ఉదాహరణ 2015లో జరిగింది. ఓఎన్జీసీ సౌదీ ఆరామ్‌కోకి నాఫ్తా అమ్మింది. డబ్బు పంపాల్సిన అకౌంటు మారిందని ఆరామ్‌కోకి మెయిల్ వెళ్ళింది. వాళ్ళు ఆ కొత్త అకౌంటుకే పంపారు. అప్పటి వార్తల ప్రకారం 197 కోట్ల రూపాయలు. అసలు చిరునామా, దొంగ చిరునామా ఇవీ:

```
ongc.co.in
ognc.co.in
```

కళ్ళు అక్షరాలు చదవవు, మాట ఆకారాన్ని చూసి ముందుకి పోతాయి. అదే పైకి, ఒక్కో అక్షరం చదవండి. ఓ, ఎన్, జీ, సీ. ఓ, జీ, ఎన్, సీ. రెండో అక్షరం దగ్గరే చెవి ఆగిపోతుంది. స్క్రిప్టులో ఇక్కడ బ్రాకెట్లో "మెల్లగా, రెండుసార్లు" అని రాశాను. ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెట్టి ఎమ్ అనిపించే మోసం కూడా ఇట్లాగే నోటి దగ్గర దొరికిపోతుంది.

అయితే ముందు చిరునామా కనపడాలి కదా. ఫోనులో మెయిల్ తెరిస్తే పైన పేరు మాత్రమే ఉంటుంది, ఆ పేరు పంపినవాడు తన ఇష్టానికి పెట్టుకున్నది. పేరు మీద నొక్కితేనే అసలు చిరునామా బయటపడుతుంది. లింకయితే నొక్కి పట్టుకుంటే అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూపిస్తుంది.

రెండో ఉదాహరణ బ్యాంకుది. రిజర్వు బ్యాంకు చెప్పడంతో 2025లో మన బ్యాంకులు తమ సైట్లని బ్యాంక్ డాట్ ఇన్ అనే చివర ఉన్న పేర్లకి మార్చాయి. ఆ చివర బ్యాంకులకే ఇస్తారు. చాలా మంచి పని. కానీ చదివే దిక్కు తెలియకపోతే అదీ మోసపోవడానికి పనికొస్తుంది.

```
sbi.bank.in
sbi.bank.in.kyc-update.example
```

ఎడమ నుంచి చదివితే రెండూ స్టేట్ బ్యాంకులాగే మొదలవుతాయి. ఇంటర్నెట్ చిరునామాని కుడి నుంచి చదవాలి, మన ఉత్తరాల మీద జిల్లా పేరు చివర రాసినట్టు. రెండోదాని యజమాని చివర ఉన్నవాడు, ముందున్న బ్యాంకు పేరు వాడు గుమ్మానికి తగిలించుకున్న బోర్డు. (example అనే తోక ఇలాంటి పాఠాల కోసమే ఎవరికీ అమ్మకుండా ఉంచిన పేరు.)

ఇక్కడితో ఆపితే "చిరునామా పైకి చదవండి" అన్నదే రూలయ్యేది. మూడో ఉదాహరణ దాన్ని నిలవనివ్వలేదు.

వనామి తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి. చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, తర్వాత హేచరీకి చేరతాయి. డబ్బు డాలర్లలో, ముందే కట్టాలి. నెలల తరబడి ఒకే మెయిల్ గొలుసులో బేరాలు, బిల్లులు నడుస్తుంటాయి. ఆ గొలుసులోనే ఒకరోజు ఇది వస్తుందని ఊహించి రాశాను: "మీ ఆర్డరు సిద్ధంగా ఉంది. మా పాత అకౌంటు ఆడిట్‌లో ఉన్నందువల్ల ఈసారి డబ్బు కింద రాసిన అకౌంటుకి పంపండి. గురువారం లోపల అందితే శనివారం విమానానికి పెట్టేస్తాం." చిరునామా చదవండి. అక్షరం తేడా లేదు. కుడి నుంచి చదవండి, సరిగ్గానే ఉంది. ఎందుకంటే దొంగ అమ్మేవాడి మెయిల్‌బాక్సు లోపలికే దూరాడు. ఎన్ని బాక్సులు అడిగారో, ఏ వారం కావాలన్నారో అంతా చదివి, బిల్లు కట్టే సమయం వచ్చేదాకా ఊరుకున్నాడు. ఈ మెయిల్ దొంగదని చెప్పే గుర్తు ఏదీ అందులో లేదు. అందులో వెతికితే దొరకదు.

అందుకే రూలు వేరే పెట్టాల్సొచ్చింది. డబ్బు, పాస్‌వర్డు, ఓటీపీ, ఈ మూడిట్లో ఏది అడిగినా, వచ్చిన దారిన జవాబు ఇవ్వొద్దు, మనకి ముందే తెలిసిన దారిన అడుగు. బ్యాంకు మెయిలయితే లింకు వదిలేసి, ఎప్పుడూ వాడే యాప్ తెరువు. అకౌంటు మారిందంటే పాత నెంబరుకి ఫోన్ చెయ్యి. మెయిల్ కింద ఉన్న నెంబరు దొంగదే కావచ్చు.

రూలు చెప్పడం సులువే. ముందుగా నలుగురైదుగురికి వినిపించినప్పుడు ఒక మేత షాపాయన అన్నాడు: "అబ్బయా, పదేళ్ళుగా సరుకిచ్చేవాడికి ఫోన్ జేసి నీ అకౌంటు నిజవేనా అంటే వాడేమనుకుంటాడు?" అది నిజమైన అడ్డంకి. ఇక్కడ మేత, మందులు అరువుకే ఇస్తారు, పట్టుబడి అయ్యాక డబ్బు. అడగడమంటే నమ్మకపోవడమే. అక్షరాల తేడా కన్నా ఈ మొహమాటమే దొంగకి ఎక్కువ పనికొస్తుందని నా అనుమానం. అందుకని స్క్రిప్టులో ఫోన్‌లో అనాల్సిన మాట కూడా రాసిచ్చాను: "అన్నా, అకౌంటు మారితే పాత నెంబరుకి ఫోన్ చేసి రాసుకోవాలని మా ఆఫీసు రూలు. కొత్త నెంబరు మీరే ఒకసారి చదవండి, రాసుకుంటా." అవతలివాళ్ళు చదవాలి, మనం చదివి అవునా కాదా అనకూడదు. మనం చదివితే బండి మీద పోతున్న మనిషి వినకుండానే ఊఁ అంటాడు.

డబ్బు వెళ్ళిపోతే ఏం చేయాలో రెండే వాక్యాలు రాశాను. వెంటనే 1930కి ఫోన్, cybercrime.gov.in లో ఫిర్యాదు, మన బ్యాంకుకి కూడా చెప్పడం. విదేశానికి పంపిందయితే ముందు బ్యాంకుకే, వెనక్కి పిలిపించమని రాతలో అడగాలి. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి దూకుతూ పోతుంది కాబట్టి ఇక్కడ నిమిషాలే లెక్క.

వెబినార్ చివర్లో ఒక హేచరీలో లెక్కలు రాసే అమ్మాయి మైకు తీసుకుని అడిగింది: "సార్, ఫోన్ నెంబరు మారిందని కూడా ముందే మెయిల్ పెట్టుంటే? నేను దాన్నే సేవ్ చేసుకుని ఉంటే?" పాత బిల్లు పుస్తకం తెరవమన్నాను. ఆమె అప్పటికే తెరిచినట్టుంది, కాగితాల చప్పుడు వినిపించింది. "రెండేళ్ళ కిందటి బిల్లు మీద ఇంకో నెంబరుంది సార్," అంది, "ఇప్పుడే చేస్తా," అని లైన్‌లోంచి వెళ్ళిపోయింది.